షేర్డ్ అని టిక్ పెడితే షేర్ అయిపోదు

మూడు సర్వర్లు కొన్నారు. వాటి మీద ప్రాక్స్‌మాక్స్ వేసి క్లస్టర్ కట్టారు. పక్కన ఒక స్టోరేజ్ బాక్స్ పెట్టారు. ఆ బాక్స్‌లోని జాగాను మూడు సర్వర్లకీ ఎలా చూపించాలి అనే దగ్గర సలహాలు మొదలవుతాయి. తోటి అడ్మిన్ ఒకటి చెప్తాడు, బాక్స్ అమ్మినాయన ఇంకోటి చెప్తాడు, ఏళ్ల తరబడి వీఎంవేర్ మీద పనిచేసి వచ్చినాయన మరొకటి చెప్తాడు. వీటిలో కొన్ని పెట్టిన రోజున చక్కగా పనిచేసినట్టే కనిపిస్తాయి, తరవాత నెమ్మదిగా డేటాని తినేస్తాయి. అలాంటి తప్పుడు సలహాల్ని కొన్ని ఇక్కడ పెడుతున్నాను. అవి ఎందుకు తప్పో, ఇప్పటికే పాటించేసి ఉంటే ఎలా కనిపెట్టాలో, బదులుగా ఏం చెయ్యాలో కూడా రాస్తున్నాను.

ముందు ఒక్క తేడా మనసులో పెట్టుకోవాలి. ఎన్ఎఫ్ఎస్ హోస్ట్‌కి ఫోల్డర్ ఇస్తుంది. ఆ ఫోల్డర్ వెనక ఉన్న ఫైల్ సిస్టమ్ స్టోరేజ్ బాక్స్‌దే. ఏ ఫైలు ఏ బ్లాకుల్లో ఉందో, ఏ బ్లాకు ఖాళీగా ఉందో బాక్స్ ఒక్కటే లెక్క చూసుకుంటుంది. హోస్ట్ "ఈ ఫైల్లో ఇంత దూరం నుంచి ఇంత రాయి" అని అడుగుతుంది, అంతే. హోస్ట్‌లో `lsblk` కొడితే ఎన్ఎఫ్ఎస్ ఊసే ఉండదు, `df` కొడితే `/mnt/pve/` కింద కనిపిస్తుంది.

ఐస్కజీ అలా కాదు. అది హోస్ట్‌కి ముడి డిస్క్ ఇస్తుంది. టార్గెట్‌లో ఉన్న లన్, నెట్‌వర్క్ మీదుగా 3260 పోర్టు నుంచి వచ్చి, హోస్ట్‌లో `/dev/sdb` అని కూర్చుంటుంది. సర్వర్ పెట్టెలో బిగించిన డిస్క్‌కీ దానికీ లైనక్స్ కెర్నల్ దృష్టిలో తేడా లేదు. దాని మీద ఏ ఫైల్ సిస్టమ్ పెట్టాలి, ఏ బ్లాకు ఎవరిది అన్న లెక్కంతా హోస్ట్ పని. స్టోరేజ్ బాక్స్‌కి అందులో ఏముందో తెలియదు. వచ్చిన బ్లాకు నంబరులో వచ్చిన బైట్లు రాస్తుంది.

లెక్క ఎవరి చేతిలో ఉంది అన్న ఈ ఒక్క ప్రశ్న వెయ్యకుండా ఇచ్చిన సలహాలే ఈ కిందివన్నీ.

"లన్‌ని మూడు హోస్ట్‌లకీ ఇవ్వు, ఈఎక్స్‌టీ4 వేసి మౌంట్ చెయ్యి, షేర్డ్ అని టిక్ పెట్టు"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే, కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుదాం.

2 టీబీ లన్ ఒకటి ఉందనుకోండి. హోస్ట్‌ల పేర్లు pve1, pve2, pve3. సలహా ప్రకారం pve1 మీద `mkfs.ext4` కొట్టి `/mnt/san` దగ్గర మౌంట్ చేశారు. మిగతా రెండిట్లోనూ అదే డిస్క్‌ని అదే చోట మౌంట్ చేశారు. ప్రాక్స్‌మాక్స్ స్క్రీన్‌లో డైరెక్టరీ రకం స్టోరేజ్‌గా చేర్చి `Shared` పెట్టెలో టిక్ పెట్టారు. ఎర్రర్ ఏదీ రాలేదు. మూడు హోస్ట్‌ల్లోనూ స్టోరేజ్ పచ్చగా కనిపిస్తోంది.

నష్టం ఇక్కడే, ఒక్క వీఎం కూడా పుట్టకముందే మొదలైంది. ఈఎక్స్‌టీ4 మౌంట్ అయి ఉన్నంతసేపూ "సరిగ్గా మూసెయ్యలేదు, జర్నల్ చూసుకోవాలి" అనే గుర్తు డిస్క్ మీద ఉంటుంది. pve2 మౌంట్ చేసేటప్పుడు ఆ గుర్తు చూసి, ఇదేదో కరెంటు పోయి ఆగిపోయిన డిస్క్ అనుకుని జర్నల్‌ని రీప్లే చేస్తుంది. pve1 అదే జర్నల్‌ని ఇంకా వాడుతూనే ఉంది. pve2లో `dmesg` చూస్తే `recovery complete` అని ఒక లైను ఉంటుంది. చూడ్డానికి మంచి వార్తలా ఉండే ఆ లైనే మొదటి సాక్ష్యం.

ఆ తరవాత మూడు కెర్నళ్లూ ఖాళీ బ్లాకుల పట్టికను ఎవరి మెమరీలో వాళ్లు పెట్టుకుంటాయి. ఒకే ఖాతా పుస్తకాన్ని ముగ్గురు గుమాస్తాలు పొద్దున్నే తలో కాపీ రాసుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రోజంతా వ్యాపారం నడిపినట్టు ఉంటుంది ఇది. pve1లో వీఎం 101 డిస్క్ పెరుగుతూ కొన్ని బ్లాకులు తీసుకుంది. pve2 మెమరీలో ఆ బ్లాకులు ఇంకా ఖాళీయే. వీఎం 102 కోసం pve2 వాటినే తీసుకుంటుంది. ఇప్పుడు 101 అకౌంట్స్ ఫైలు ఉన్న చోట 102 డేటాబేస్ పేజీ ఒకటి వచ్చి పడుతుంది. స్టోరేజ్ బాక్స్‌కి ఇందులో తప్పేమీ కనిపించదు, ఏ బ్లాకు రాయమంటే ఆ బ్లాకు రాసింది.

మరి ఇన్ని రోజులు పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుంది? డిస్క్ పెద్దది, వీఎంలు తక్కువ, రాతలు దూరం దూరంగా పడతాయి. పైగా లైవ్ మైగ్రేషన్ కూడా ఒక్కోసారి నడుస్తుంది. టిక్ ఉంది కాబట్టి ప్రాక్స్‌మాక్స్ డిస్క్‌ని కాపీ చెయ్యకుండా, అవతలి హోస్ట్‌ని అదే ఫైలు తెరవమంటుంది. అవతలి హోస్ట్ ఆ ఫోల్డర్‌ని ముందెప్పుడూ చదవకపోతే డిస్క్ నుంచి తాజాగా చదువుకుని తెరుస్తుంది. ముందే చదివి ఉంటే ఫైలు లేదంటుంది. ఈ రెండోది చూసి "నెట్‌వర్క్ ఏదో తేడాగా ఉంది, ఇంకోసారి కొట్టు" అనేవాళ్లు ఉన్నారు. దయచేసి ఇంకోసారి కొట్టకండి.

ఆ టిక్ అర్థమేమిటో ప్రాక్స్‌మాక్స్ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది. ఈ స్టోరేజ్ అన్ని హోస్ట్‌లకీ ముందే ఉమ్మడిగా ఉంది అని మనం ప్రాక్స్‌మాక్స్‌కి ఇచ్చే సమాచారం అది. ఉమ్మడి కానిదాన్ని ఉమ్మడి చెయ్యడం దాని పని కాదు. మనం అబద్ధం చెప్తే అది నమ్ముతుంది.

ఈ సలహా ఇచ్చేవాళ్లలో చాలామంది వీఎంవేర్ నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల అనుభవంలో తప్పు లేదు. ఈఎస్ఎక్స్ఐలో ఒక లన్‌ని అన్ని హోస్ట్‌లకీ ఇచ్చి, ఒకదానిలో డేటాస్టోర్ చేసి, మిగతావాటిలో రీస్కాన్ కొడితే సరిపోతుంది. అక్కడ లన్ మీద కూర్చునేది వీఎంఎఫ్ఎస్. అది పుట్టుకతోనే క్లస్టర్ ఫైల్ సిస్టమ్. ఏ హోస్ట్ ఏ ఫైలుని పట్టుకుందో తాళాలు డిస్క్ మీదే రాసి పెడుతుంది, మిగతా హోస్ట్‌లు వాటిని చదివి ఆగుతాయి. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్‌లకి ఆ ఏర్పాటు లేదు. వీఎంవేర్ అలవాటుని ఆ ఫైల్ సిస్టమ్ లేకుండా మోసుకొస్తేనే ఈ ప్రమాదం.

మీ క్లస్టర్లో ఇలా ఉందేమోనని అనుమానంగా ఉంటే మూడు హోస్ట్‌ల్లో ఒకేసారి ఇవి కొట్టండి:

```
findmnt /mnt/san
ls -l /mnt/san/images
dmesg | grep EXT4-fs
```

`findmnt` సోర్స్ దగ్గర `/dev/` తో మొదలయ్యే పేరు మూడు హోస్ట్‌ల్లోనూ వచ్చి, అవి ఒకే లన్ అయితే అనుమానం నిజమే. `ls` ఒక్కో హోస్ట్‌లో ఒక్కోలా చూపించినా, `dmesg`లో `block bitmap and bg descriptor inconsistent` అని వచ్చినా లెక్కలు ఇప్పటికే చెదిరాయి. అప్పుడు చెయ్యాల్సింది వీఎంలన్నీ ఆపి, మూడు చోట్లా అన్‌మౌంట్ చేసి, స్టోరేజ్ బాక్స్ వైపు నుంచే లన్‌కి స్నాప్‌షాట్ తియ్యడం. `e2fsck`ని ఆ స్నాప్‌షాట్ కాపీ మీద, ఒకే ఒక్క హోస్ట్ నుంచి నడపండి. `Multiply-claimed block(s)` అని లైన్లు వస్తే, ఒకే బ్లాకుని రెండు ఫైళ్లు నాదంటే నాదంటున్నాయని అర్థం. ఏది ఎవరిదో ఎఫ్ఎస్‌సీకే చెప్పలేదు. ఆ పేర్లున్న వీఎంలని పాత బ్యాకప్ నుంచి తెచ్చుకోవడమే దారి. కిందటి వారం బ్యాకప్ కూడా చెడిపోయాక తీసిందే కావచ్చు, కాబట్టి తెరిచి చూడకుండా నమ్మకండి.

మరి లన్‌ని సరిగ్గా ఎలా పంచుకోవాలి? ఫైల్ సిస్టమ్ లేకుండా, ఎల్‌వీఎం పెట్టి. ఒక్క హోస్ట్‌లో మాత్రమే ఈ రెండూ కొట్టాలి, మిగతావి ఆ వాల్యూమ్ గ్రూప్‌ని తామే చదువుకుంటాయి:

```
pvcreate /dev/mapper/mpatha
vgcreate vg_san /dev/mapper/mpatha
```

`mpatha` సంగతి కింద మల్టీపాత్ దగ్గర వస్తుంది. తరవాత స్టోరేజ్ కాన్ఫిగరేషన్:

```
lvm: san
        vgname vg_san
        content images
        shared 1
```

ఇక్కడ `shared 1` నిజం. ఒక్కో వీఎం డిస్క్ ఒక్కో లాజికల్ వాల్యూమ్. లన్‌లో అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సృష్టించినప్పుడే ఖాయమైపోతుంది. వీఎం రాసే ప్రతి రాతకీ పట్టిక మార్చాల్సిన పని లేదు. పట్టిక మారేది డిస్క్ సృష్టించినప్పుడు, పెంచినప్పుడు, తీసేసినప్పుడు మాత్రమే. ఆ క్షణాల్లో ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్ మొత్తానికి ఒక తాళం వేసి ఒక్కరినే లోపలికి పంపుతుంది. అందుకే ఇది క్షేమం. అందుకే ఇంకో హెచ్చరిక కూడా: వాల్యూమ్ గ్రూప్‌లో చేత్తో `lvcreate`, `lvextend` కొట్టకండి. ఆ కమాండ్లకి ప్రాక్స్‌మాక్స్ వేసే తాళం గురించి తెలియదు.

"జాగా వేస్ట్ అవుతోంది, ఎల్‌వీఎం-థిన్ పెట్టు"

స్నాప్‌షాట్లు కూడా వస్తాయని ఆశపెడతారు. లోకల్ డిస్క్ మీద అది మంచి సలహాయే. ఉమ్మడి లన్ మీద అది మొదటి సలహా చేసిన పనినే మళ్లీ చేస్తుంది. థిన్ పూల్‌లో వీఎం కొత్త చోట రాసిన ప్రతిసారీ పట్టిక మారుతుంది, ఆ పట్టిక పూల్‌ని యాక్టివేట్ చేసిన హోస్ట్ మెమరీలో ఉంటుంది. రెండు హోస్ట్‌లు ఒకే పూల్‌ని తెరిస్తే రెండు పట్టికలు. జాగా ఆదా కావాలంటే స్టోరేజ్ బాక్స్‌లోనే లన్‌ని థిన్‌గా చెయ్యండి, వీఎం డిస్క్‌కి డిస్కార్డ్ ఆన్ చెయ్యండి. స్నాప్‌షాట్లే ముఖ్యమైతే ఎన్ఎఫ్ఎస్ మీద `qcow2` ఫైళ్లు పెట్టుకోవడం ఇప్పటికీ తేలిక దారి. ప్రాక్స్‌మాక్స్ 9.0తో 2025లో మామూలు ఎల్‌వీఎం మీద కూడా స్నాప్‌షాట్లు వచ్చాయి గానీ, దాన్ని వాళ్లే ప్రయోగ దశ అన్నారు. నేనైతే జీతాల డేటాబేస్‌ని దాని మీద పెట్టను.

"ఎన్ఎఫ్ఎస్ స్లోగా ఉందా? ఎక్స్‌పోర్ట్‌లో ఎసింక్ పెట్టు, మౌంట్‌లో సాఫ్ట్ పెట్టు"

ఈ రెండూ జంటగా తిరుగుతాయి. మొదటిది వేగం కోసం, రెండోది హోస్ట్ వేలాడకుండా.

ఎసింక్ సంగతి ముందు చూద్దాం. వీఎంలో ఉన్న డేటాబేస్ ఒక లావాదేవీ ముగించి, "ఇది డిస్క్ మీద ఖాయంగా పడాలి" అంటుంది. ఆ మాట క్యూఈఎంయూ దాటి, హోస్ట్ దాటి, ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌కి కమిట్ అనే అభ్యర్థనగా చేరుతుంది. సర్వర్ నిజంగా డిస్క్ మీద రాశాకే సరే అనాలి, ఒప్పందం అది. `async` పెడితే రాయకముందే సరే అంటుంది. లైనక్స్ `exports` మాన్యువల్ పేజీలోనే ఇది ప్రోటోకాల్ ఉల్లంఘన అని రాసి ఉంది.

కరెంటు పోయి స్టోరేజ్ బాక్స్ ఒక్కటే పడిపోయిందనుకోండి, హోస్ట్‌లు వేరే యూపీఎస్ మీద నడుస్తున్నాయి. ఇలాంటి రోజు కోసమే 1995లో వచ్చిన ఎన్ఎఫ్ఎస్ మూడో వెర్షన్‌లో మంచి ఏర్పాటు ఒకటి చేశారు. సర్వర్ ప్రతి రాతకీ జవాబుతో పాటు ఒక గుర్తింపు సంఖ్య పంపుతుంది, రీబూట్ అయితే ఆ సంఖ్య మారుతుంది. సంఖ్య మారిందని చూసి హోస్ట్, ఇంకా ఖాయం కాని రాతలన్నీ మళ్లీ పంపుతుంది. కానీ ఎసింక్ సర్వర్ కమిట్‌కి కూడా ముందే సరే అనేసింది కాబట్టి, హోస్ట్ ఆ రాతల్ని తన మెమరీలోంచి వదిలేసింది. మళ్లీ పంపడానికి ఏమీ లేదు. ఇక్కడ నాకు అన్నిటికన్నా భయం కలిగించేది వీఎం పడిపోకపోవడం. బాక్స్ తిరిగి లేచాక వీఎం ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది. దానికి తన దృష్టిలో క్రాష్ జరగలేదు, అందుకని డేటాబేస్ రికవరీ నడపదు. కొన్ని సెకన్ల రాతలు మధ్యలోంచి మాయమైన డిస్క్ మీద, ఏమీ ఎరగనట్టు కొత్త లావాదేవీలు రాసుకుంటూ పోతుంది. ఇండెక్స్ ఒకటి చెప్తే టేబుల్ ఇంకోటి చెప్పే రోజు తరవాతెప్పుడో వస్తుంది.

సర్వర్లో `exportfs -v` కొడితే ఏది ఉందో తెలుస్తుంది. బాక్స్ జెడ్ఎఫ్ఎస్ అయితే `zfs get sync` కూడా చూడండి. అక్కడ `disabled` అని ఉంటే అదే తప్పు ఇంకో పేరుతో ఉన్నట్టు. వేగం కావాలంటే కరెంటు పోయినా చేతిలో ఉన్న రాతని పూర్తి చేసే కెపాసిటర్లున్న ఎస్ఎస్‌డీని జెడ్ఎఫ్ఎస్ లాగ్ డివైస్‌గా పెట్టండి. ఇంకో మాట: "ఎన్ఎఫ్ఎస్ కన్నా ఐస్కజీ చాలా ఫాస్ట్" అని ఎవరైనా అంకెలు చూపిస్తే, రెండు వైపులా రాతలు ఖాయంగా డిస్క్ మీద పడ్డాకే లెక్కపెట్టారా అని అడగండి. ఒకవైపు మెమరీలోకి, ఒకవైపు డిస్క్‌లోకి రాస్తూ పోలిస్తే ఆ అంకెలకి విలువ లేదు.

ఇక సాఫ్ట్. ఎన్ఎఫ్ఎస్ మౌంట్ మామూలుగా హార్డ్‌గా ఉంటుంది, అంటే సర్వర్ జవాబివ్వకపోతే ఎంతసేపైనా ఎదురుచూస్తుంది. ఆ సమయంలో వీఎంలు గడ్డకట్టినట్టు ఉంటాయి, ప్రాక్స్‌మాక్స్ స్క్రీన్‌లో ఆ స్టోరేజ్ పక్కన ప్రశ్నార్థకం వస్తుంది. చూడ్డానికి భయంగానే ఉంటుంది. `soft` పెడితే కొన్ని ప్రయత్నాల తరవాత హోస్ట్ చేతులెత్తేసి, వీఎంకి ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ ఇస్తుంది. వీఎం తన డిస్క్ పాడైందనుకుంటుంది. జర్నల్ ఆపేసి, ఫైల్ సిస్టమ్‌ని రీడ్-ఓన్లీ చేసుకుంటుంది. బాక్స్ కొన్ని నిమిషాల్లో రీబూట్ అయి వచ్చేస్తుంది గానీ, మీరు ముప్ఫై వీఎంలని ఒక్కొక్కటిగా లేపి ఎఫ్ఎస్‌సీకే చేసుకుంటూ కూర్చోవాలి. హార్డ్ అయితే బాక్స్ లేవగానే అన్నీ ఆగిన చోటు నుంచి నడుస్తాయి. వీఎం డిస్క్‌లకి హార్డే ఉంచండి. ఐఎస్ఓ ఫైళ్లు మాత్రమే ఉన్న ఎక్స్‌పోర్ట్ వేరే ఉంటే, దానికి సాఫ్ట్ పెట్టుకున్నా పెద్ద నష్టం లేదు.

"రెండు కేబుళ్లు బాండ్ చేస్తే ఐస్కజీ వేగం రెట్టింపు"

కాదు. ఐస్కజీ సెషన్ మామూలుగా ఒకే టీసీపీ కనెక్షన్. బాండ్ సాధారణంగా ఒక కనెక్షన్‌ని ఒకే కేబుల్ మీద పంపుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. ఐస్కజీకి తగిన దారి మల్టీపాత్. రెండు కేబుళ్లని రెండు వేరు సబ్‌నెట్‌లలో పెట్టి, రెండు పోర్టల్ అడ్రసులకీ వేరువేరుగా లాగిన్ అవ్వాలి. అప్పుడు ఒకే లన్ `sdb`గా, `sdc`గా రెండుసార్లు కనిపిస్తుంది. ఇక్కడే కొందరు "రెండు డిస్క్‌లు వచ్చాయి" అనుకుని, ఒకదాని మీద ఎల్‌వీఎం పెట్టి రెండోదాన్ని వేరే పనికి వాడతారు. రెండూ ఒకే బ్లాకులు. మల్టీపాత్ సర్వీస్ సరిగ్గా పెడితే `lsblk` ఇలా ఉండాలి:

```
sdb          2T disk
└─mpatha     2T mpath
sdc          2T disk
└─mpatha     2T mpath
```

ఎల్‌వీఎం ఎప్పుడూ `mpatha` మీదే. ఒక కేబుల్ పీకి, `multipath -ll`లో ఒక దారి `failed` అయినా వీఎం నడుస్తోందా అని చూడకుండా దీన్ని పనిలో పెట్టకండి. ఎన్ఎఫ్ఎస్‌కైతే బాండ్ మంచిదే, ఒక కేబుల్ పోతే రెండోది ఆదుకుంటుంది. వేగం కూడా కావాలంటే మౌంట్ ఆప్షన్లలో `nconnect=4` ఉంది, లైనక్స్ 5.3 నుంచి.

"హోస్ట్ ఎర్రగా కనిపిస్తోంది, వీఎం కాన్ఫిగ్ ఫైలుని పక్క హోస్ట్‌కి జరిపి స్టార్ట్ చెయ్యి"

pve1 ఎర్రగా కనిపించినంత మాత్రాన అది చచ్చిపోయినట్టు కాదు. క్లస్టర్ నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే ఊడి, స్టోరేజ్ కేబుళ్లు బాగానే ఉండొచ్చు. వీఎం 101 అక్కడ ఇంకా రాస్తూనే ఉంది. `101.conf`ని pve2 ఫోల్డర్లోకి జరిపి స్టార్ట్ చేస్తే ఒకే డిస్క్‌ని ఇద్దరు రాస్తారు.

ఎన్ఎఫ్ఎస్, ఐస్కజీల తేడా ఇక్కడ మళ్లీ బయటపడుతుంది. ఎన్ఎఫ్ఎస్ మీద ఉన్న డిస్క్ ఫైలుకి క్యూఈఎంయూ తాళం వేస్తుంది, ఆ తాళం సర్వర్ దగ్గర ఉంటుంది. pve2లో స్టార్ట్ కొడితే `Failed to get "write" lock` అని ఆగిపోతుంది. ఆ ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని దాటే ఉపాయం వెతక్కండి, అది మీ డేటాని కాపాడుతోంది. ఐస్కజీ మీద ఎల్‌వీఎం అయితే ఆ తాళం ఏ హోస్ట్‌లో వేస్తే ఆ హోస్ట్‌కే తెలుసు. pve2కి అడ్డం ఏమీ రాదు, వీఎం నిమిషంలో లేస్తుంది, లాగిన్ స్క్రీన్ కూడా వస్తుంది.

కాబట్టి కాన్ఫిగ్ ఫైలు జరిపేముందు pve1ని కచ్చితంగా ఆపాలి. సర్వర్ మేనేజ్‌మెంట్ పోర్టు నుంచి పవర్ ఆఫ్ చెయ్యండి. అది కుదరకపోతే ర్యాక్ దగ్గరికి ఒక మనిషిని పంపి పవర్ కేబుళ్లు రెండూ తీయించండి. ప్రాక్స్‌మాక్స్ హెచ్ఏలో చేర్చిన వీఎంలకి ఈ పని వాచ్‌డాగ్ చేస్తుంది. కోరం పోయిన హోస్ట్ తనని తానే రీసెట్ చేసుకుంటుంది, ఆ తరవాతే మిగతావాళ్లు వీఎంని లేపుతారు. ఇవేవీ చేతిలో లేని రాత్రి, స్టోరేజ్ బాక్స్‌లో టార్గెట్‌ని చూడగలిగే ఇనీషియేటర్ల జాబితాలోంచి pve1 ఐక్యూఎన్ తీసేసి, దాని సెషన్లు తెగిపోయాయని బాక్స్ స్క్రీన్ మీదే చూసుకుని, అప్పుడు pve2లో స్టార్ట్ కొట్టండి.